ముందు ఉజ్జాయింపు

తెల్లవారితే లెక్కల పరీక్ష అనగా, రాత్రి ఎనిమిదింటికి మా అక్కయ్య కూతురు బుజ్జి పుస్తకాల సంచీతో సహా మా ఇంటికొచ్చి పడింది. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతలే. ఎనిమిదో తరగతి. అన్నం తినలేదట. కళ్ళు చూస్తే కాస్సేపటి క్రితం దాకా ఏడ్చినట్టే వున్నాయి.

"మావయ్యా, నాకు శాతాలు రావు," అంది చెప్పులు విడవకుండానే.

ముప్పయ్యేళ్ళు ఆఫీసులో లెడ్జర్లు రాసి రిటైరయిన మనిషిని కాబట్టి లెక్కలనేసరికి చుట్టపక్కాలందరికీ నేనే గుర్తుకొస్తాను. రాసినన్నాళ్ళూ నేను చేసిన తప్పుల సంగతి వాళ్ళకి తెలియదు. నేనూ చెప్పను.

ముందు దాని అర్ధసంవత్సర పరీక్ష పేపరు చూపించమన్నాను. ఇవ్వనంది. మా అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతూ వుంటే, ఆ సందట్లో సంచీలోంచి నేనే తీశాను. శాతాల లెక్క ఒకటుంది. ఒక చీర మీద ప్రకటించిన వెల 1,240 రూపాయలు, నూటికి 15 చొప్పున ముదరా ఇస్తే కొన్నవాళ్ళు చెల్లించవలసింది ఎంత? బుజ్జి 1,054 అని రాసింది. రాసి, దాన్ని అడ్డంగా రెండు గీతలతో కొట్టేసి, కింద 1,426 అని రాసింది. పక్కన మేష్టారు పెట్టిన ఎర్ర సున్నా.

"ఇదేమిటే? మొదట రాసిందే సరైనది కదా!" అన్నాను.

"తెలుసు. పేపర్లిచ్చాక తెలిసింది. అక్కడ కూచున్నప్పుడు, తీసేయాలో కలపాలో అని భయమేసింది."

అప్పుడు నాకు అర్థమయింది, దీనికి శాతాలు రాకపోవడం కాదు. వచ్చిన జవాబు సరైనదో కాదో చెప్పే సాక్షి ఎవరూ లేరు దీనికి. సాక్షి లేనప్పుడు భయం ఎటు లాగితే అటు పోతుంది. తప్పును దిద్దుకోలేకపోవడం ఒక నష్టం. ఒప్పును కొట్టేసుకోవడం అంతకంటే పెద్ద నష్టం.

ఈలోగా మా అమ్మ, పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకుని, తన పద్ధతిలో పరీక్ష పెట్టింది. "ఏమే బుజ్జీ, ఎనిమిది వేలు రెండు రూపాయల వడ్డీకి ఇస్తే ఏడాదికి ఎంతొస్తుందే?"

మా వైపు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు రూపాయలని మీకు నేను చెప్పక్కర్లేదు. బుజ్జి నోట్లో ముద్ద మింగి, "వందకి రెండు, వెయ్యికి ఇరవై, ఎనిమిది వేలకి నెలకి నూట అరవై. ఏడాదికి... రెండు వేలకి కాస్త తక్కువ" అంది. కాగితం లేదు, పెన్సిలు లేదు.

"ఎంత తక్కువ?"

"ఎనభై తక్కువ. పందొమ్మిది వందల ఇరవై."

"అయితే నువ్వు ఇప్పుడు చేసింది ఏమిటో తెలుసా?" అన్నాను. "8,000 మీద నూటికి 24 ఎంత అనే లెక్క. నెలకి రెండు చొప్పున పన్నెండు నెలలకి ఇరవై నాలుగు. శాతమంటే నూటికి అనే కదా అర్థం!"

బుజ్జి నా మొహంలోకి అనుమానంగా చూసింది. రెండు రూపాయల వడ్డీ అనగానే చిన్నదిగా వినిపిస్తుంది గాని, ఏడాదికి నూటికి ఇరవై నాలుగు అనేసరికి పెద్దవాళ్ళే ఉలిక్కిపడతారు. అది వేరే కథ. నాకు కావలసింది, ఆ పిల్ల నోటివెంట అసలు జవాబుకి ముందే వచ్చిన మాట. "రెండు వేలకి కాస్త తక్కువ." ఇరవై నాలుగంటే పాతికకి దగ్గర, పాతికంటే నాలుగో వంతు, ఎనిమిది వేలలో నాలుగో వంతు రెండు వేలు. ఆ రెండు వేలనే ముందు మనసులో పెట్టుకున్న మనిషి, చేతితో 192 అని రాసినా, 19,200 అని రాసినా ఊరుకోలేదు.

"రేపు ప్రతి శాతాల లెక్కకీ, పెన్నుతో గుణకారం మొదలెట్టకముందు, పక్కన పెన్సిలుతో ఆ మాట రాసుకో. సుమారు ఇంత అని," అన్నాను.

"చేశాక సరిచూసుకుంటే చాలదా? మా టీచరు అలాగే అంటారు."

ఇదే అసలు కిటుకు. చేశాక ఉజ్జాయింపు వేస్తే, కళ్ళ ముందు వున్న జవాబే మనని లాగేసుకుంటుంది. 1,426 అని రాసి వుంటే, "ఆఁ, అంతే అయ్యుంటుందిలే" అని మనసు దానికి సరిపడా కారణం వెతికిపెడుతుంది. ఆఫీసులో నేను చేసిన తప్పులన్నీ ఇలాంటివే. ఒకసారి 12,800 మీద నూటికి నాలుగున్నర చొప్పున 576 రాయవలసిన చోట 5,760 రాసి, రెండుసార్లు సరిచూసి, రెండుసార్లూ సరిగ్గానే వుందనుకున్నాను. సరిచూడటమంటే అదే దోవన మళ్ళీ నడవడమే కదా, అదే గోతిలో మళ్ళీ పడ్డాను. మూడో మనిషి, లెక్క ఏమీ చెయ్యకుండానే, "నూటికి నాలుగున్నర అంటున్నావు, సగానికి దగ్గర రాశావేమిటోయ్?" అన్నాడు. ఆ పూట ఎక్కడ తలదాచుకోవాలో తెలియలేదు.

సరే, చీర లెక్కే మొదట చేయించాను. 1,240ని ఏం చేద్దాం? 1,200 అందాం. నూటికి పదంటే ఒక స్థానం జరపడమే, 120. అయిదంటే అందులో సగం, 60. రెండూ కలిపి 180. ముదరా కాబట్టి పోవాలి. 1,200లో 180 పోతే 1,020. "సుమారు 1,020" అని పక్కన రాయించాను.

"మనం వెల తగ్గించి మొదలెట్టాం కదా, అసలు జవాబు దీనికంటే ఎక్కువుంటుందా, తక్కువుంటుందా?"

"ఎక్కువ."

అదీ రాయించాను, 1,020 పక్కన పైకి చూసే చిన్న బాణం గుర్తు. అప్పుడు లెక్క చేసింది. ముదరా 186, చెల్లించేది 1,054. బాణం చెప్పినట్టే కాస్త పైన. ఇప్పుడు దీన్ని కొట్టేసి 1,426 రాయగలవా అని అడిగాను. బుజ్జి నవ్వింది, ఆ రాత్రి మొదటిసారి. "ముదరా ఇచ్చాక వెల పెరగడమేమిటి మావయ్యా!" అంది. ఈ మాట అర్ధసంవత్సర పరీక్షలో ఎందుకు తోచలేదంటే, అప్పుడది చీరగురించి ఆలోచించడం లేదు. 15నీ 1,240నీ ఏం చెయ్యాలా అని ఆలోచిస్తోంది.

ఇంకో మాట చెప్పాను. ఉజ్జాయింపుకీ జవాబుకీ పొత్తు కుదరనప్పుడు, ఆ తేడా ఎలాంటిదో చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది. 1,020 వస్తుందనుకుంటే 186 వచ్చిందనుకో. అది తప్పు లెక్క కాదు, సగం లెక్క. ముదరా ఎంతో చెప్పి, చెల్లించేది ఎంతో చెప్పకుండా ఆగిపోయావన్నమాట. తేడా పదింతలయితే దశాంశ బిందువు జారిందన్నమాట.

ఆ రెండోది మాటవరసకి అన్నానో లేదో, మరుసటి లెక్కలోనే ఎదురయింది. ఒక ఊరి జనాభా 7,360. అందులో నూటికి పదిహేడున్నర మంది బడికెళ్ళే పిల్లలు. ఎందరు?

పదిహేడున్నర చూడగానే బుజ్జి మొహం మళ్ళీ ముడుచుకుంది. ఇలాంటి అంకె కనబడితే పిల్లలు ఉజ్జాయింపు జోలికి పోకుండా తిన్నగా గుణకారంలోకి దూకుతారు. సరిగ్గా అక్కడే ఉజ్జాయింపు కావాలి.

గోడకానుకుని వత్తులు చేసుకుంటున్న మా అమ్మ, "పదిహేడున్నరంటే రూపాయికి ఎన్నణాలురా?" అంది. 1957లో రూపాయికి నూరు పైసల లెక్క వచ్చేనాటికి మా అమ్మ చిన్నపిల్ల. అయినా ఇంట్లో పెద్దవాళ్ళ మాట ఆమె నోట అలాగే నిలిచిపోయింది. రూపాయికి పదహారణాలు. పావలా అంటే నాలుగణాలు, నూటికి పాతిక. బేడ అంటే రెండణాలు, నూటికి పన్నెండున్నర. మూడణాలు ఆ రెంటికీ నడుమ, నూటికి పందొమ్మిదికి ఓ పిసరు తక్కువ. "మూడణాలకి కాస్త తక్కువ" అని ఆవిడే తేల్చేసింది. అంటే అయిదో వంతు కంటే తక్కువ, ఎనిమిదో వంతు కంటే ఎక్కువ.

బుజ్జికి అణాలు తెలియవు. కాని అయిదో వంతు తెలుసు. 7,360ని 7,000 చేసింది. పదిహేడున్నరని ఇరవై చేసింది. ఏడువేలలో అయిదో వంతు 1,400.

"ఒకటి తగ్గించావు, ఒకటి పెంచావు. మంచిదే, ఒకదాని తప్పు ఒకటి కొంత మింగేస్తుంది. రెండూ ఒకే వైపు లాగకూడదు," అన్నాను. బాణం ఎటు పెట్టాలన్న దానికి మాత్రం కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. 7,360లో 360 తగ్గించడం పెద్ద మార్పు కాదు, ఇరవయ్యో వంతు. పదిహేడున్నరని ఇరవై చెయ్యడం అలా కాదు. రెండున్నరే కదా అనిపిస్తుంది గాని, పదిహేడున్నరలో రెండున్నరంటే ఏడో వంతు. అంచేత జవాబు 1,400 కంటే తక్కువే వుండాలి. బాణం కిందికి.

శాతం చిన్నదయిన కొద్దీ ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. నూటికి రెండున్నరని మూడనుకుంటే అయిదో వంతు కలిపేసినట్టే. అలాంటిచోట శాతాన్ని కదపకూడదు. పెద్ద అంకెనే గుండ్రం చేసుకుని, నూటికి ఒకటి ఎంతో చూసి, దాన్ని రెండున్నరసార్లు వేసుకోవాలి.

ఇక బుజ్జి లెక్క చేసింది. 175ని 7,360తో గుణించి, నూటితో భాగించి, 12,880 అని రాసి, కింద గీత గీయబోయి ఆగింది. పెన్ను గాలిలోనే వుంది. పక్కనున్న 1,400 వైపు చూసింది.

"పదింతలు," అంది నెమ్మదిగా. తర్వాత, "అయ్యో! ఊళ్ళో ఉన్నదే ఏడు వేలమంది!"

"పొరుగూళ్ళ పిల్లలు కూడా వస్తున్నారేమోనే," అంది మా అమ్మ.

పదిహేడున్నరలోని బిందువు తీసేసి 175 చేసినప్పుడు, చివర్న మరో పదితో భాగించాలన్న సంగతి మరిచిపోయింది. సరిదిద్దితే 1,288. నేను ఏమీ చెప్పలేదు. దాని తప్పు అదే పట్టుకుంది, అదీ గీత గీయకముందు. ఆ క్షణంలో దాని మొహం మీరు చూడవలసింది.

ఇక్కడ ఉత్సాహంలో ఒక అబద్ధం చెప్పబోయి ఆగాను. ఉజ్జాయింపు వుంటే తప్పే రాదని చెప్పాలనిపించింది. అది నిజం కాదు. 1,288 బదులు 1,298 వచ్చివుంటే, 1,400 అనే సాక్షి పెదవి విప్పేవాడు కాదు. కూడికలో ఒక పది తప్పిపోతే ఉజ్జాయింపుకి అందదు. దానికి వేరే దోవన మరోసారి చెయ్యడమే మందు. నూటికి పది 736, అయిదు అందులో సగం 368, రెండున్నర అందులో సగం 184, మొత్తం 1,288. గుణకారం లేకుండా వచ్చింది కాబట్టి, గుణకారంలో పడ్డ గోతిలో మళ్ళీ పడం.

తొమ్మిదిన్నర అయింది. ఇంక పడుకోమందామనుకుంటూంటే బుజ్జి తనంతట తనే ఒక లెక్క తీసింది. ఇది నన్నూ కాస్త తడబెట్టింది. నూటికి 20 ముదరా పోను ఒక చొక్కాకి 960 రూపాయలు చెల్లించారు. ప్రకటించిన వెల ఎంత?

బుజ్జి పద్ధతి ప్రకారం ముందు పెన్సిలు పట్టింది. ముదరా తీయకముందు వెల కాబట్టి 960 కంటే ఎక్కువుండాలి. అయిదో వంతు అంటే సుమారు రెండొందలు. "సుమారు 1,160" అని రాసింది. తర్వాత లెక్క. 960 మీద నూటికి 20 అంటే 192. కలిపితే 1,152. ఉజ్జాయింపుకి ఎంత దగ్గర! గీత గీసేసి నా వైపు గర్వంగా చూసింది.

తప్పు. కాని సాక్షి కూడా తప్పే చెప్పాడు, ఎందుకంటే ఇద్దరినీ ఒకరే తయారుచేశారు. అయిదో వంతు దేనిలో అన్న ప్రశ్న ఉజ్జాయింపులోనూ వెయ్యలేదు, లెక్కలోనూ వెయ్యలేదు.

"దుకాణం వాడు ముదరా దేనిమీద ఇచ్చాడే?"

"చొక్కా మీద."

"చొక్కా మీద సరే, ఏ వెల మీద?"

కాస్సేపు ఊరుకుంది. "ప్రకటించిన వెల మీద... అది మనకి తెలియదు కదా!"

"తెలియదు. కాని 960 కంటే పెద్దదని తెలుసు. పెద్దదానిలో అయిదో వంతు, 960లో అయిదో వంతు కంటే పెద్దదా చిన్నదా?"

"పెద్దది. అంటే ముదరా 192 కంటే ఎక్కువ. అయితే..." దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే జవాబు 1,152 కంటే ఎక్కువే వుండాలి! 1,152 కానే కాకూడదు!"

నేను ఇది చెబుదామనుకోలేదు. 1,152 నుంచి వెనక్కి లెక్కవేసి చూపిద్దామనుకున్నాను. దానిలో అయిదో వంతు 230 తీసేస్తే 922 అవుతుంది, 960 కాదు అని. అదీ మంచి పరీక్షే. కాని పిల్ల చెప్పింది నాదానికంటే బాగుంది. తను చేసిన తప్పు లెక్కనే మెట్టు చేసుకుని, జవాబు ఈ మెట్టుకి పైన ఎక్కడో వుందని తేల్చింది. ఆ తర్వాత 1,200 వేసి చూసింది. అయిదో వంతు 240, పోతే 960. సరిపోయింది.

పుస్తకంలో చెప్పిన పద్ధతి కూడా రాయించాను, మార్కులు దానికే కదా. 20 పోగా మిగిలింది 80, ఆ 80 అంటే 960 అయితే 100 అంటే ఎంత? 1,200. అయినా ఆ రాత్రి నిద్రపోయేముందు బుజ్జి మా అమ్మతో చెప్పుకున్నది పుస్తకం పద్ధతి గురించి కాదు. "అమ్మమ్మా, తప్పు జవాబు కూడా పనికొచ్చింది" అని చీకట్లో గుసగుసలాడడం నాకు వినిపించింది.

పొద్దున పరీక్షకి వెడుతూ ఫోను నా చేతికిచ్చి, "ఇది వుంటే అసలు గొడవే లేదు" అని వేళాకోళమాడింది. నేను ఊరుకోలేదు. ఫోను లెక్క తప్పదు గాని, దానికి నువ్వు చెప్పిన అంకె తప్పయితే అది అడగదు, ఊళ్ళో ఉన్నదే ఏడు వేలమంది కదా అని.

మధ్యాహ్నం తిన్నగా మా ఇంటికే వచ్చింది. ప్రశ్నపత్రం మడతలు విప్పి నా ముందు పరిచింది. జవాబు కాగితంలోనూ ఇలాగే పక్కన రాసిందట, పెన్సిలుతో. ప్రశ్నపత్రం అంచుల్లో చిన్న చిన్న అంకెలు. సుమారు 300, పైకి బాణం. సుమారు 90, కిందికి బాణం. ఒకచోట సుమారు 2,000 అని వుండి, దాని కింద 21,600 కొట్టేసి 2,160 రాసి వుంది. లెక్క వేసి చూశాను. రెండోదే సరైనది.

అయిదు లెక్కల్లో నాలుగింటికి పక్కన అంకెలున్నాయి. చివరిదాని పక్కన ఏమీ లేదు.

"దీనికేమయింది?" అన్నాను.

"గంట కొట్టేశారు మావయ్యా. జవాబు రాశాను గాని, సుమారు వెయ్యలేదు," అంది. ఆ లెక్కను వేలితో మూస్తూ, "ఇదొక్కటి నువ్విప్పుడు చెయ్యకు. ముందు నన్ను సుమారు వెయ్యనీ," అని పెన్సిలు వెతుక్కుంది.